గిన్నెలో జిగురు

శుక్రవారం పొద్దున తొమ్మిదీ పదహారుకి డీలింగ్ టేబుల్ మీద ఫోన్ మోగిందంటే అది బావే. ఇంకెవరూ అయ్యే అవకాశమే లేదు. మార్కెట్టు తొమ్మిదింబావుకి తెరుస్తారు. ఆ ఒక్క నిమిషమూ ఆయన మర్యాద కోసం ఆగుతాడు.

“మరదలా, ఈ వారం పెరుగుతుంది. ఇరవై వేల రెండొందల కాల్, రెండు లాట్లు వేసెయ్యి.”

చిన్నదానికి ఒళ్ళు మండింది. ముప్పై తొమ్మిదేళ్ళొచ్చి, జుట్టు అక్కడక్కడ నెరుస్తున్నా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే. షేర్ల కంపెనీ బ్రాంచిలో పదకొండేళ్ళుగా డీలరు. కస్టమర్లు ఫోన్లో చెప్పిన ఆర్డర్లు కంప్యూటర్లో కొట్టడం ఆమె ఉద్యోగం. కొట్టొద్దని చెప్పడం ఆమె ఉద్యోగం కాదు. ఆ ముక్క మేనేజరు వారానికోసారి గుర్తు చేస్తూనే ఉంటాడు.

“బావా, పోయిన వారం ఏమైంది?”

“పోయిన వారం కూడా పెరిగింది కదా! నేను చెప్పానా లేదా?”

“పెరిగింది. నీ డబ్బు ఏమైంది?”

“అది వేరే సంగతిలే. ముందు ఆర్డరు వెయ్యి, ధర పెరిగిపోతుంది.”

వేరే సంగతట! ఏం మనిషో! ఆయన అడిగిన ఆ కాల్ అనేది ఒక కాగితం లాంటిది, అంతే. వచ్చే గురువారం మార్కెట్టు మూసే వేళకి ఇండెక్స్, అంటే మార్కెట్టు మొత్తాన్ని కొలిచే అంకె, ఇరవై వేల రెండొందలు దాటి ఉంటే, దాటిన ప్రతి పాయింటుకీ ఒక రూపాయి చొప్పున కొన్నవాడి చేతికొస్తుంది. దాటకపోతే ఏమీ రాదు. ఆ కాగితం ఇవాళ్టి ధర అరవై ఏడు రూపాయలు. లాటుకి యాభై కాగితాల చొప్పున రెండు లాట్లకి ఆరు వేల ఏడొందలు. ఇండెక్స్ ఇప్పుడు సరిగ్గా ఇరవై వేల దగ్గరుంది. అంటే, గురువారం దాకా పట్టుకు కూచునే మనిషికి, రెండొందల అరవై ఏడు పాయింట్లు పెరిగితే పెట్టిన డబ్బు పెట్టినట్టు వెనక్కొస్తుంది. వంద పెరిగినా, నూట తొంభై పెరిగినా చేతికొచ్చేది సున్నా. మధ్యలో అమ్ముకోవచ్చు కదా అంటే, అమ్ముకోవచ్చు. కానీ బావ అమ్మడు. చస్తే అమ్మడు.

ఆర్డరు కొట్టింది. కొట్టాక ఫోన్ పెట్టెయ్యకుండా, “ఈసారి నా మాట ఒక్కటి వింటావా?” అంది.

“చెప్పు.”

“రోజూ సాయంత్రం నువ్వు ఇండెక్స్ ఎంతో రాసుకుంటావు కదా. దాని పక్కన ఆ కాగితం ధర కూడా రాయి. అంతే. ఇంకేం చెయ్యొద్దు.”

“ధర రోజూ చూస్తే మనసు పాడవుతుంది మరదలా. అసలు సంగతి పెరుగుతుందా లేదా అనేదే.”

“రాస్తావా, రాయవా? రాయకపోతే వచ్చే శుక్రవారం నీ ఫోన్ ఎత్తను. మేనేజరు చేత ఎత్తిస్తాను. ఆయన నీకు రెండు లాట్ల చోట ఆరు అంటగడతాడు.”

బావ నవ్వాడు గానీ, రాస్తానన్నాడు.

బావ బైండింగ్ షాపు నడుపుతాడు. లెడ్జర్లు, స్కూలు పుస్తకాలు, కాలేజీ పిల్లల థీసిస్సులు, పాత పుస్తకాలకి కొత్త అట్టలు. చేతిలో పనితనం ఉన్నవాడు. ఆయన కుట్టిన పుస్తకం నేలకేసి కొట్టినా కాగితం ఊడదు. ఆయన పనిలో గొప్పతనమంతా ఆగడంలో ఉంది. జిగురు రాసి, అట్ట తొడిగి, పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి మర బిగించాక, మర్నాటిదాకా దాని జోలికి వెళ్ళకూడదు. కస్టమరు వచ్చి కాళ్ళావేళ్ళా పడినా విప్పడు. “తొందరపడి విప్పారంటే అట్ట వంకర పోతుంది” అంటాడు. ముప్పై ఏళ్ళుగా ఆగడమే ఆయనకి అన్నం పెట్టింది. షేర్ల దగ్గరికి వచ్చేటప్పటికి కూడా అదే బుద్ధి. శుక్రవారం కొంటాడు, మర బిగిస్తాడు, గురువారం సాయంత్రం విప్పుతాడు. మధ్యలో అమ్మమంటే, “తడి ఆరకుండా విప్పమంటావా?” అంటాడు. ఇంకేం చెప్తాం!

ఆదివారం చిన్నది అక్కా వాళ్ళింటికి వెళ్ళింది. ఇల్లు పైన, షాపు కింద. ఆదివారమైనా అక్క కిందే ఉంది. పరీక్షల ముందు నోటుపుస్తకాల పని నెత్తి మీద ఉంది. కటింగ్ మిషను ముందు నిలబడి కాగితాల దొంతరని లోపలికి నెట్టి, చేతులు వెనక్కి లాక్కుని, కాలితో తొక్కింది. కత్తి దబ్బుమని దిగి పైకి లేచింది. అక్క చెయ్యి పెట్టలేదు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. అప్పుడు కత్తిరించిన దొంతర తీసింది.

“ఏంటక్కా ఆ లెక్క?”

“దీని క్లచ్చు అరిగిపోయింది. ఒక్కోసారి మనం తొక్కకుండానే రెండోసారి దిగుతుంది. దిగితే మూడు లెక్కపెట్టేలోపే దిగుతుంది. అందుకని మూడు దాకా ఆగుతాను.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడాది పైనే అయింది. దీని సామాన్లు ఇప్పుడు దొరకవంట. మొన్న మంగళవారం మూడు అన్నాక దిగింది.” అక్క ఏదో పక్కింటి గొడవ చెప్తున్నట్టే చెప్పింది. “ఎవరో ప్రింటింగ్ ప్రెస్సాయన షాపు మూసేస్తున్నాడు. ఆయన కటింగ్ మిషను రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే గానీ దిగదట. రెండు లక్షల నలభై వేలు చెప్పాడు. లక్షా ఎనభై వేలు ఎప్పుడో కూడబెట్టాం కదా, మీ ఆఫీసులోనే ఉందిగా. మిగతా అరవై కూడా అందులోంచే వస్తుందంటున్నారు మీ బావ. శనివారం లోపు ఇచ్చెయ్యాలి, లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తాడట.”

ఆ లక్షా ఎనభైలో ఇప్పుడు మిగిలింది యాభై ఎనిమిది వేలు. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు బావ, రెండోవారు చిన్నది. కస్టమరు ఖాతా సంగతి ఇంకొకరికి చెప్పకూడదు, ఆ ఇంకొకరు సొంత అక్కయినా సరే. ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టిన కాగితంలో అది రెండో పాయింటు. ఏ గడియన పెట్టిందో ఆ సంతకం!

అక్క మళ్ళీ తొక్కింది. కత్తి దిగింది, లేచింది. ఒకటి, రెండు, మూడు. ఆ మూడు అంకెలూ చిన్నది కూడా పెదవుల మీద లెక్కపెట్టుకుంది.

మిషను పైన గోడకి ఓ గుండ్రటి గడియారం ఉంది. మధ్యలో కంపెనీ బొమ్మ, కింద “మా నమ్మకమైన కస్టమరుకి ప్రేమతో” అని అక్షరాలు. ప్రతి వారమూ తప్పకుండా ఆర్డరు వేసినవాళ్ళకి కొత్త సంవత్సరానికి బ్రాంచి వాళ్ళు ఇచ్చారు. చిన్నదే స్వయంగా తెచ్చి ఇచ్చింది. బావ దాన్ని మేకు కొట్టి మరీ తగిలించాడు. ఇప్పుడు చిన్నది దాని మీంచి చూపు తిప్పేసుకుంది. బావ ఆర్డర్ల మీద నెలకింతని ఆమెకీ ఏదో విదిలిస్తారు. ఆ డబ్బుతోనే కాళ్ళకున్న చెప్పులు కొంది.

వెనక గదిలో బావ గిన్నెలో జిగురు కలుపుతున్నాడు. చిన్నది తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించింది.

“బావా, అక్కకి చెప్పావా?”

“ఏం చెప్పాలి? ఈ వారం వచ్చేస్తుందిగా.”

“నలభై రెండు వారాల నుంచి వచ్చేస్తూనే ఉంది!”

“నలభై రెండింట్లో ఇరవై ఆరు సార్లు నేను చెప్పిన వైపే వెళ్ళింది. ఇదిగో.” బల్ల సొరుగులోంచి అట్టముక్క తీశాడు. పెన్సిలుతో చక్కగా గీతలు గీసుకున్నాడు. ఒక్కో వారానికీ ఇండెక్స్ ఎంత, పెరిగిందా తగ్గిందా, తను ఏమన్నాడు, పక్కన టిక్కు. ఇరవై ఆరు టిక్కులు. డబ్బు సంగతి ఆ అట్టమీద ఎక్కడా లేదు. “పదకొండో వారం చూడు. ఆరు వేలు పెడితే ఇరవై మూడు వేలొచ్చింది. మర్చిపోయావా?”

ఎలా మర్చిపోతుంది? ఆ పదకొండో వారమే కొంప ముంచింది. అంతకుముందు వరసగా పది వారాలు పోగొట్టుకున్నవాడు, ఇక మానేస్తానన్నవాడు, ఆ ఒక్క వారంతో ఏనుగెక్కి కూచున్నాడు. తర్వాత ముప్పై ఒక్క వారాల్లో వారానికి రెండు వేలో, నాలుగు వేలో, ఆరు వేలో అలా జారిపోతూనే ఉన్నాయి. ఒకేసారి పోతే మనిషి లబోదిబోమంటాడు. వారానికింత పోతుంటే “పోనీలే, రెండు రోజుల కూలి” అనుకుంటాడు.

“బావా, నెల గడువున్న కాగితం రెండొందల పది. నువ్వు కొనే వారం కాగితం అరవై ఏడు. ఎందుకు చవకో ఎప్పుడైనా ఆలోచించావా?”

“చిన్నవాళ్ళు కూడా కొనుక్కోవాలని.”

చిన్నది నెత్తి కొట్టుకుంది. “రోజులు తక్కువ కాబట్టి! వాళ్ళు అమ్మేది రోజులు బావా. నీకు అయిదు రోజులు అమ్మారు. అందులో ఓ రోజు ఆరిపోతే అయిదో వంతు పోయినట్టే.”

“ఆరితేనే కదా గట్టిపడేది,” అన్నాడు బావ, జిగురు తిప్పుతూ. గోడకి చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వచ్చేది. చిన్నది చెప్పులు తొడుక్కుని వచ్చేసింది.

సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. “రాశావా?”

“రాశాను. ఇండెక్స్ ఇరవై వేల అరవై. పెరిగింది. చెప్పానా!”

“కాగితం?”

“యాభై ఏడు.” కాస్త ఆగి, “రేపు సర్దుకుంటుంది,” అన్నాడు.

మంగళవారం ఇండెక్స్ ఇరవై వేల వంద. కాగితం యాభై. బావ “ఇదేదో తేడాగా ఉంది” అన్నాడు. బుధవారం ఇండెక్స్ ఇరవై వేల నూట నలభై. కాగితం నలభై. ఈసారి బావ అంకెలు చెప్పి ఫోన్ పెట్టేశాడు.

బుధవారం సాయంత్రమే అక్క కూడా ఫోన్ చేసింది. “ప్రెస్సాయన మళ్ళీ కబురు పెట్టాడే. మీ బావని అడిగితే రేపు సాయంత్రం చెప్తానంటున్నారు. మీ ఆఫీసులో డబ్బు తియ్యాలంటే ఎన్ని రోజులు పడుతుంది?”

“ఒక్క రోజు.”

“మరి ఇంకేం! ఇవాళే చెప్తే సరిపోయేదిగా. ఈయనదంతా నాన్చుడు.” అక్క పెట్టెయ్యబోతూ, “ఇవాళ రెండుసార్లు దిగిందే,” అంది.

ఆ రాత్రంతా చిన్నదానికి అదే మాట చెవిలో మోగుతూ ఉంది.

గురువారం. ఆ వారం కాగితాలన్నిటికీ ఆఖరి రోజు. ఆ రోజు డీలింగ్ గది గదిలా ఉండదు. ఉన్న మూడు ఫోన్లూ మోగుతూనే ఉంటాయి. నెలంతా కనిపించని జనం ఆ రోజు గుర్తొస్తారు. కాగితాలు పది, పదిహేను, అయిదు ధరల్లో దొరుకుతుంటే, చవగ్గా వస్తున్నాయని గంపగుత్తగా కొంటారు. సాయంత్రానికి వాటిలో ముప్పాతిక వంతు సున్నా. వచ్చే గురువారం మళ్ళీ వాళ్ళే ఫోన్ చేస్తారు, ఏ సిగ్గూ లేకుండా. మేనేజరుకి మాత్రం ఆ రోజే పండగ. ఆర్డరు గెలిచినా కమీషనే, ఓడినా కమీషనే.

పన్నెండుంబావుకి బావ ఫోన్ వచ్చింది. గొంతు వేరేగా ఉంది.

“మరదలా, ఇండెక్స్ ఎంత?”

“ఇరవై వేల నూట అరవై.”

“కాగితం?”

“ఇరవై తొమ్మిది.”

“విను. ఇంక నలభై పాయింట్లు. మూడు రోజులుగా రోజుకి నలభైకి తగ్గకుండా పెరుగుతోంది, నేనన్నట్టే. ఇవాళ నలభై అయిపోదా? అయిపోయిందంటే ఈ కాగితం ఎగురుతుంది. ఖాతాలో యాభై ఎనిమిది వేలున్నాయి కదా. లాటు పద్నాలుగు వందల యాభై. సరిగ్గా నలభై లాట్లు వస్తాయి. మొత్తం వేసెయ్యి.”

చెవిలో అక్క గొంతు, రెండుసార్లు దిగిందే. ఇదిగో, బావ చెయ్యి పెట్టేస్తున్నాడు కత్తి కింద.

“బావా, నీకు మతి పోయిందా?”

“తాడో పేడో తేలిపోవాలి. శనివారం లోపు డబ్బు కావాలి నాకు. ఆర్డరు వెయ్యి.”

ఈ ఫోన్ మాటలన్నీ రికార్డవుతాయి. పక్క టేబుల్ నుంచి మేనేజరు అప్పటికే మెడ చాచాడు. నలభై లాట్లనే మాట ఆయన చెవికి ఎంత దూరం నుంచైనా వినిపిస్తుంది. “ఏంటమ్మా, కస్టమర్ ఆర్డర్ చెప్తున్నారుగా, కొట్టండి.”

“కొడతాను సార్. మామూలుగా వేసేదానికి పది రెట్లు దాటితే కస్టమర్ వచ్చి స్లిప్పు మీద సంతకం పెట్టాలని మీరే కదా సర్క్యులర్ అంటించారు.” గోడ మీద కాగితం చూపించింది. ఆ కాగితాన్ని అంటించిన రోజు నుంచీ ఎవరూ పట్టించుకోలేదు. మేనేజరు మొహం మాడిపోయింది. “బావా, వచ్చి సంతకం పెట్టు. వచ్చేటప్పుడు నీ అట్టముక్క తీసుకురా.”

“అంతలో ధర పెరిగిపోతే?”

“పెరిగితే నా జీతంలోంచి ఇస్తాను. రా ముందు!”

ఒకటింబావుకి వచ్చాడు. చొక్కా చేతులకి జిగురు మరకలు, చెవి మీద పెన్సిలు. చిన్నది తన పక్క కుర్చీలో కూచోబెట్టి, స్క్రీను ఆయన వైపు తిప్పింది. సంతకం పెట్టాల్సిన స్లిప్పు ముందు పెట్టింది. పెన్నూ పెట్టింది.

“సంతకం పెట్టు, ఇప్పుడే కొడతాను. నేనేం ఆపను. కానీ నువ్వు పన్నెండుంబావుకి ఫోన్ చేశావు కదా. అప్పుడు ఇండెక్స్ ఎంత?”

“నూట అరవై.”

“ఇప్పుడు?”

“నూట అరవై అయిదు.” బావ మొహం వెలిగింది. “పెరిగింది!”

“కాగితం?”

బావ కళ్ళు చిట్లించాడు. ఇరవై రెండు. ఫోన్ చేసినప్పుడు ఇరవై తొమ్మిది. అట్టముక్క తీసి చూసుకున్నాడు. ఇండెక్స్ వరస ఒక్కసారి కూడా కిందికి దిగలేదు. ఇరవై వేలు, అరవై, వంద, నూట నలభై. పక్క వరస ఒక్కసారి కూడా పైకి లేవలేదు. అరవై ఏడు, యాభై ఏడు, యాభై, నలభై.

“నేను చెప్పినట్టే పెరుగుతుంటే ఇదెందుకు తగ్గుతోంది?” బావ గొంతు లేచింది. “ఎవడు తింటున్నాడు నా డబ్బు? మీ కంపెనీ వాడు మధ్యలో ఏదో చేస్తున్నాడు!”

మేనేజరు దగ్గాడు. చిన్నదానికి అప్పటిదాకా అణుచుకున్నదంతా పొంగుకొచ్చింది.

“ఎవడూ తినట్లేదు! ఎన్నిసార్లు చెప్పాలి బావా నీకు? నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నాను ఏడాది నుంచి. నువ్వు జిగురు పుస్తకానికి రాసి ఆగితే ఏమవుతుంది?”

“అతుక్కుంటుంది.”

“గిన్నెలోనే ఉంచి ఆగితే?”

బావ స్క్రీను వైపు తిరిగాడు.

“చెప్పు! పొద్దున కలిపిన జిగురు రాయకుండా మధ్యాహ్నం దాకా గిన్నెలో ఉంచితే ఏమవుతుంది?”

“ఎండిపోతుంది.”

“అదీ! నువ్వు కొన్నది గిన్నెలో జిగురు. ఇండెక్స్ గబుక్కున రెండొందలు దాటి బాగా పైకి పోతే అది పనికొస్తుంది. నెమ్మదిగా పోతే, పోయే లోపల ఎండుతుంది. మొదటి రోజు కొంచెం ఎండుతుంది. ఆఖరి రోజు కళ్ళముందే ఎండుతుంది. నువ్వు చెప్పిన వైపు వెళ్ళడం ఒక్కటే చాలదు బావా, ఎండేదానికన్నా తొందరగా వెళ్ళాలి. నువ్వేమో దాన్ని ప్రెస్సులో పెట్టి మర బిగించి కూచుంటావు. నీ ఇరవై ఆరు టిక్కులూ నిజమే. ఇండెక్స్ నీ మాట విన్నది. గిన్నె వినలేదు.”

బావ స్లిప్పు వైపు చూశాడు. స్క్రీను వైపు చూశాడు. పెన్ను తీసి మళ్ళీ పెట్టేశాడు.

“కాసేపు ఆగుతాను,” అన్నాడు.

ఆగమను! హాయిగా ఆగమను! కొనకుండా ఆగేవాడికి ఖర్చేముంది? నలభై రెండు వారాల్లో ఆయన మొదటిసారి ఆగాల్సిన చోట ఆగాడు. చిన్నది ఇంకో ఫోన్ ఎత్తింది.

రెండింటికి ఇండెక్స్ నూట డెబ్బై. కాగితం పందొమ్మిది. బావ చెవి మీద పెన్సిలు తీసి అట్టమీద రాశాడు. రెండున్నరకి ఉన్నట్టుండి ఇండెక్స్ ఎగిరింది. నూట తొంభై, రెండొందలు, రెండొందల అయిదు. కాగితం ఇరవై ఎనిమిది. బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“చూశావా! చూశావా! దాటేసింది! ఇందాకే వేసుంటే...”

“పన్నెండుంబావుకి ఇరవై తొమ్మిదికి కొనమన్నావు. అప్పటికంటే ఇండెక్స్ నలభై అయిదు పెరిగింది. ధర ఒకటి తగ్గింది. ఎక్కడుంది లాభం?”

“ఇంకా పైకి పోతే?”

“పోతే వస్తుంది. కాదనను. పదకొండో వారం అలాగే వచ్చింది. అందుకే వీళ్ళంతా వస్తారు.” చిన్నది మోగుతున్న ఫోన్లు చూపించింది. “సంతకం పెడతావా?”

మేనేజరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. “మంచి ఊపు మీదుంది సార్, ఇలాంటి చాన్సు మళ్ళీ రాదు,” అన్నాడు మెత్తగా. చిన్నది ఆయన్ని చూసిన చూపుకి ఆయన తన టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

బావ పెన్ను పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి స్లిప్పు మీదే ఉంది. ఇంక ఆపడానికి ఆమె దగ్గర సర్క్యులర్లు లేవు. సంతకం పడితే కొట్టక తప్పదు.

రెండూ యాభైకి ఇండెక్స్ నూట ఎనభై ఎనిమిది. కాగితం పదహారు. ఇండెక్స్ దిగింది పదిహేడు పాయింట్లు. కాగితం దాదాపు సగం పోయింది.

మూడుంబావుకి నూట ఎనభై. కాగితం అయిదు. మూడింటికి పైన బావ అట్టమీద రాయడం కూడా మానేశాడు. పెన్సిలు పట్టుకుని ఊరికే చూస్తున్నాడు. నాలుగు. రెండు. ఒకటి. మూడున్నరకి ఇండెక్స్ ఇరవై వేల నూట ఎనభై అయిదు దగ్గర నిలిచింది. వారంలో నూట ఎనభై అయిదు పాయింట్లు పెరిగింది, బావ చెప్పినట్టే. కాగితం సున్నా.

ఒక్కసారిగా ఫోన్లు ఆగిపోయాయి. బావ పెన్సిలుతో ఆ వారం ఎదురుగా టిక్కు పెట్టబోయి, ఆగాడు.

“నలభై లాట్లు,” అన్నాడు.

“అవును.”

“అయితే మరదలా,” బావ నెమ్మదిగా తలెత్తాడు, కళ్ళలో మళ్ళీ ఆ వెలుగు. “కొన్నవాడికి ఎండిపోతే అమ్మినవాడికి మిగిలినట్టేగా? మరి నేనే అమ్మితే?”

చిన్నది రెండు చేతులతో తల పట్టుకుంది. దేవుడా, ఈ మనిషిని ఏం చెయ్యాలి!

“బావా, ఒక్క లాటు అమ్మడానికే లక్ష పైన డిపాజిట్ కట్టాలి. నీ దగ్గర ఉందా? లేదు. సరే, ఉందే అనుకో. నలభై వారాలు వారానికింత వస్తుంది. నలభై ఒకటో వారం ఇండెక్స్ ఒక్క పూటలో ఏడొందలు లేస్తుంది. కొన్నవాడికి పోయేది పెట్టినంతే. అమ్మినవాడికి అంతు లేదు. నీ షాపు, పైన ఇల్లు, ఆ కటింగ్ మిషనుతో సహా పోతాయి. అమ్ముతావా?”

బావ స్లిప్పు వెనక్కి తిప్పి, జేబులోంచి సొంత పెన్ను తీసి, ఖాతాలో ఉన్నదంతా బ్యాంకుకి పంపమని రాసి సంతకం పెట్టాడు. పెట్టి, “మీ అక్కకి నువ్వు చెప్తావా?” అన్నాడు.

“ఛస్తే చెప్పను. నేను పక్కన నిలబడతాను. చెప్పేది నువ్వే.”

శనివారం సాయంత్రం షాపులో చెప్పాడు. అక్క కటింగ్ మిషను ముందే ఉంది. బావ తల వంచుకుని, మొదటి నుంచి చివరిదాకా, అట్టముక్క చేతిలో పట్టుకుని మరీ చెప్పాడు. చిన్నది ప్రెస్సుకి ఆనుకుని నిలబడింది. ఆ కమీషను చెప్పులు ఇంటి దగ్గరే వదిలేసి పాతవి వేసుకొచ్చింది.

“ఎంత పోయింది?” అంది అక్క.

“లక్షా ఇరవై రెండు వేలు.”

“ఒకేసారా?”

“కాదు. వారానికి మూడు వేలు అలా.”

“ఒకేసారి పోయుంటే నాకు తెలిసేది,” అంది అక్క. అరవలేదు. అరిచినా బాగుండేదని చిన్నదానికి అనిపించింది. “నేను ఇక్కడ మూడు లెక్కపెట్టుకుంటున్నాను. మీరు అక్కడ మూడు వేలు లెక్కపెట్టుకుంటున్నారు.” చిన్నదాని వైపు తిరిగింది. “నీకూ తెలుసు.”

“తెలుసక్కా.”

అక్క దానికి ఏమీ అనలేదు. ఆ అనకపోవడం చాలా రోజులు ఉంటుందని చిన్నదానికి తెలుసు.

ప్రెస్సాయన మిషను ఇంకెవరో పట్టుకుపోయారు. సోమవారం బావ మిగిలిన డబ్బుతో చేత్తో లాగే పాత కటింగ్ మిషను ఒకటి తెచ్చాడు. కరెంటు అక్కర్లేదు. లీవరు లాగితేనే కత్తి దిగుతుంది, లాగకపోతే చచ్చినా దిగదు. ఒక్కసారికి దాని మీద పట్టేది నాలుగో వంతు కాగితమే. రోజు పని నాలుగు రోజులు పడుతుంది. లీవరు బావే లాగుతున్నాడు. అక్కని దాని దగ్గరికి రానివ్వడం లేదు. పాత మిషను ప్లగ్గు పీకి, వైరు చుట్టి, పైన గోనెపట్టా కప్పాడు.

శుక్రవారం పొద్దున చిన్నది డీలింగ్ టేబుల్ దగ్గర కూచుంది. తొమ్మిదింబావు అయింది. తొమ్మిదీ పదహారుకి ఫోన్ మోగింది. బావ నంబరు.

చిన్నది గబుక్కున ఎత్తి, “బావా, నువ్వు గనక మళ్ళీ...” అని మొదలెట్టింది.

“నేనే,” అంది అక్క. వెనకాల లీవరు కిర్రు కిర్రుమంటోంది, మధ్యలో బావ ఆయాసం. “మీవాళ్ళిచ్చిన గడియారం ఆగిపోయిందే. బ్యాటరీ అయిపోయినట్టుంది. మీ మేనేజరుని అడిగి ఒకటి తీసుకురా.”

“బ్యాటరీ వాళ్ళెందుకు ఇస్తారక్కా? నేను కొనుక్కొస్తాలే. అసలు దాన్ని తీసి అవతల పారెయ్యొచ్చుగా!”

“పారెయ్యడమా?” అంది అక్క. “ఈ వీధి మొత్తంలో లక్షా ఇరవై రెండు వేల గడియారం ఇంకెవరింట్లో ఉంది?”